పది రోజులు రోజూ గుర్తు చేశాను, 412 మందిలో 61 మంది వచ్చారు. ఎక్కడ పొరపాటు?

మిద్దెతోట_మాలతి
నిజాంపేటలో మా ఇంటి మిద్దె మీద పదేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. ఏప్రిల్ నెలాఖరున ఒక ఆదివారం ఉదయం 11 గంటలకు జూమ్‌లో ఉచితంగా ఒక వెబినార్ పెట్టాను. ఎండాకాలంలో కుండీలు ఎండిపోకుండా ఎలా చూసుకోవాలన్నది విషయం. గూగుల్ ఫారంలో 412 మంది పేరు, ఫోను నంబరు ఇచ్చారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

పది రోజుల ముందు నుంచి రోజూ ఒక పోస్టు. ఎర్రటి టమాటా బొమ్మ, దాని మీద "ఇంకా 10 రోజులే", మరునాడు "ఇంకా 9 రోజులే". ఫేస్‌బుక్ పేజీలో, ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఒకటే బొమ్మ, అంకె మాత్రమే మారుతుంది. చివరి రోజు ఉదయం 6 నుంచి గంటకొకటి పెట్టాను. వచ్చింది 61 మంది. పైగా మా కాలనీ గుంపులోంచి తొమ్మిది మంది వెళ్లిపోయారు, అందులో ఒకరు మా ఆడపడుచు.

జూన్ 14 ఆదివారం ఇంకోటి పెడుతున్నాను, వర్షాకాలం విత్తనాల మీద. ఈసారి ఎన్ని పోస్టులు, ఎంతెంత ఎడంతో పెట్టాలి? అసలు గుర్తు చేయడమే తప్పా?

ఉప్పల్_ఉష
ఆడపడుచు తిరిగి వచ్చారా లేదా? అది ముందు చెప్పండి.

పాతబస్తీ_కెమెరా
దీనికి చాలా తేలిక మార్గం ఉంది. ప్రసారాలకు వాడే OBS సాఫ్ట్‌వేర్‌లో అయిదు నిమిషాల టైమర్ పెట్టి, వెనక సన్నాయి పాట వేసి, సరిగ్గా 10:55కు ప్రసారం మొదలుపెట్టండి. అంకెలు తగ్గుతూ ఉంటే జనం కదలకుండా కూర్చుంటారు. మా పెళ్లి వీడియోల ప్రత్యక్ష ప్రసారాలకు ఎప్పుడూ ఇలాగే చేస్తాం.

మిద్దెతోట_మాలతి
కెమెరా గారూ, అది లోపలికి వచ్చినవాళ్ల కోసం కదా. నా బాధ రానివాళ్ల గురించి.

పాతబస్తీ_కెమెరా
అవునండీ, ప్రశ్న సరిగ్గా చదవలేదు. అయినా సన్నాయి మాత్రం పెట్టండి.

గుడి_సేవకుడు
నేను ఒప్పుకోను. రోజూ పోస్టు పెట్టడం తప్పు కాదు. మా గుడిలో సీతారాముల కల్యాణం యూట్యూబ్‌లో ప్రసారం చేస్తాం. తొమ్మిది రోజుల ముందు నుంచి రోజూ పోస్టు పెడతాం, ఒక్కరూ విసుక్కోరు. ఇంకా ఎక్కువ పెట్టమంటారు. మీ విషయంలో జనానికి ఆసక్తి లేదేమో, పోస్టుల మీద నెపం వేయకండి.

ప్రసారం_పద్మ
అమీర్‌పేటలో ఆరేళ్లుగా నా పని ఇదే. శిక్షణ సంస్థలకు, వైద్యులకు వెబినార్లు నడిపి పెడతాను. మాలతి గారూ, జవాబు చెప్పే ముందు మూడు సంగతులు కావాలి. వాట్సాప్‌లో ఆ 412 మందికి ఎలా పంపారు, గుంపు కట్టారా, బ్రాడ్‌కాస్ట్ జాబితాలా? జూమ్ లింకు ఎప్పుడు ఇచ్చారు? కార్యక్రమం అయ్యాక ఎవరైనా "లింకు పని చేయలేదు" అన్నారా?

మిద్దెతోట_మాలతి
గుంపు కట్టలేదు. నంబర్లన్నీ ఎక్కించి రెండు బ్రాడ్‌కాస్ట్ జాబితాలు చేశాను, ఒక్కో జాబితాలో 256 మందికి మించి పట్టరు కదా. లింకు ఆదివారం ఉదయం 8 గంటల సందేశంలో ఇచ్చాను.

మూడో ప్రశ్న వింతగా ఉంది, ఎందుకంటే నిజంగానే జరిగింది. సోమవారం ఉదయం 11 గంటలకు ఏడుగురు సందేశం పెట్టారు, లింకు తెరుచుకోవడం లేదని. సోమవారం! వాళ్లకు మతిమరుపు అనుకున్నాను.

ప్రసారం_పద్మ
వాళ్లకు మతిమరుపు లేదు. శనివారం మీరు పెట్టిన బొమ్మ మీద "రేపు ఉదయం 11 గంటలకు" అని ఉండి ఉంటుంది. అవునా?

మిద్దెతోట_మాలతి
అక్షరాలా అదే.

ప్రసారం_పద్మ
ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను పెట్టిన వరుసలో చూపించవు. శనివారం పెట్టింది ఒకరికి ఆదివారం మధ్యాహ్నం కనిపిస్తుంది, అప్పుడు చదివితే "రేపు" అంటే సోమవారమే. "ఇంకా 3 రోజులే" కూడా అంతే, మూడు రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో చదివేవాడికి తెలియదు. కాబట్టి ఫీడ్‌లో నిలిచి ఉండే పోస్టు మీద ఎప్పుడూ తేదీ, వారం, గంట మూడూ రాయాలి. "జూన్ 14, ఆదివారం, ఉదయం 11". వట్టి అంకెల లెక్క అక్కడ పనికిరాదు.

స్టోరీ అయితే 24 గంటల్లో మాయమవుతుంది కనుక ప్రమాదం తక్కువ. కానీ అక్కడ కూడా చూడండి: శనివారం సాయంత్రం 7 గంటలకు పెట్టిన స్టోరీ ఆదివారం సాయంత్రం 7 దాకా ఉంటుంది. ఆదివారం ఉదయం 9 గంటలకు కాఫీ తాగుతూ తెరిచినవాడికి "రేపు" అనే కనిపిస్తుంది. అందుకని ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో కౌంట్‌డౌన్ స్టిక్కర్ పెట్టండి, అది తనంతట తానే తగ్గుతూ ఉంటుంది. దాన్ని నొక్కి గుర్తు చేయమని కోరుకున్నవాళ్లకు సమయం కాగానే కబురు వెళ్తుంది.

ఇక పెద్ద చిల్లు ఇంకోటి ఉంది. బ్రాడ్‌కాస్ట్ సందేశం ఎవరి ఫోనులో మీ నంబరు సేవ్ అయి ఉందో వాళ్లకే చేరుతుంది. ఫారం నింపిన కొత్తవాళ్లు మీ నంబరు ఎందుకు సేవ్ చేసుకుంటారు? ఇప్పటికీ చూడవచ్చు. ఆ ఆదివారం ఉదయపు సందేశాన్ని నొక్కి పట్టుకుని సమాచారం తెరవండి. ఎవరికి చేరింది, ఎవరు చదివారు అని పేర్లు ఉంటాయి. లెక్కపెట్టి చెప్పండి.

లెక్కల_మాస్టారు
మాలతి గారు లెక్కపెట్టేలోగా ఒక చిన్న మాట. "వచ్చే ఆదివారం" అని కూడా రాయకండి. గురువారం నాడు ఆ మాట అంటే సగం మందికి మూడు రోజుల్లో వచ్చేది, మిగతా సగానికి ఆ పై వారానిది. మా ఇంట్లోనే ఈ మాట మీద పెళ్లి భోజనం ఒకటి పోగొట్టుకున్నాం.

ఉప్పల్_ఉష
మాస్టారూ, పెళ్లికి ముందు వెళ్లారా తరువాత వెళ్లారా?

లెక్కల_మాస్టారు
తరువాత. షామియానా విప్పుతున్నారు.

మిద్దెతోట_మాలతి
లెక్కపెట్టాను. కూర్చుని లెక్కపెట్టాను. రెండు జాబితాలూ కలిపి చేరింది 118 మందికి. అందులో చదివినవాళ్లు 97. అంటే 294 మందికి లింకు అసలు వెళ్లనే లేదు! నేనేమో జనానికి బద్ధకం అని ఇంట్లో వారం రోజులు తిట్టుకున్నాను.

గుడి_సేవకుడు
నేను చెప్పాను కదా, పోస్టుల సంఖ్య తప్పు కాదని.

ప్రసారం_పద్మ
సేవకుడు గారూ, మీరు సగం సరిగ్గానే చెప్పారు. తొమ్మిది రోజులూ మీ పోస్టుల్లో ఏముంటుంది?

గుడి_సేవకుడు
మొదటి రోజు పందిరి రాట. ఒకరోజు పసుపు దంచుతున్న అమ్మలు. ఇంకోరోజు తలంబ్రాలకు బియ్యం వడ్లు ఒలుస్తున్న ఫోటోలు, ఎవరెవరు ఒలిచారో పేర్లతో. చివరి రోజు ముత్యాలు, పట్టుబట్టలు.

ప్రసారం_పద్మ
అదే తేడా. మీరు రోజులు లెక్కపెట్టడం లేదు, పనులు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతున్నారు. రేపేం జరుగుతుందో చూడాలని జనం వస్తారు. అలాంటి సరుకు ఉంటే రోజూ పెట్టండి, ఎవరూ కాదనరు. మాలతి గారి టమాటాలో మారింది అంకె ఒక్కటే. మూడో రోజుకే చూసినవాళ్ల వేలు చదవకుండా దాటిపోవడం మొదలుపెడుతుంది. తరువాత నిజంగా అవసరమైన పోస్టు వచ్చినా అదే టమాటా అనుకుని దాటేస్తారు.

నేను మాలతి గారికి చెప్పే పద్ధతి ఇది. ముందు జనాన్ని రెండుగా విడదీసుకోండి. ఇంకా పేరు ఇవ్వనివాళ్లకు ఎందుకు రావాలో చెప్పాలి. పేరు ఇచ్చినవాళ్లకు ఎప్పుడు, ఎక్కడికి రావాలో చెబితే చాలు. వీళ్లకు "నమోదు చేసుకోండి" అని రోజూ పంపితే ఒళ్లు మండుతుంది, మీ ఆడపడుచు గారు వెళ్లింది అందుకే అయి ఉంటుంది.

పేరు ఇవ్వనివాళ్ల కోసం బయట మూడు పోస్టులు చాలు. జూన్ 7 ఆదివారం సాయంత్రం 6కు ప్రకటన. జూన్ 11 గురువారం రాత్రి 8కి రెండోది, అందులో వెబినార్‌లో చెప్పబోయే ఒక చిక్కు చూపించండి, ఉదాహరణకు మొలకలు వచ్చి రెండు రోజుల్లో వాలిపోయిన ట్రే ఫోటో. జూన్ 13 శనివారం సాయంత్రం 7కు మూడోది. మొదటి ఎడం నాలుగు రోజులు, తరువాతిది రెండు రోజులు. దగ్గర పడే కొద్దీ ఎడం సగానికి సగం తగ్గుతుంది. దూరంగా ఉన్నప్పుడు గుర్తు చేసినా ఎవరూ ఏమీ చేయలేరు, దగ్గరగా ఉన్నప్పుడే చేయగలరు. అందుకే ఈ ఏర్పాటు.

పేరు ఇచ్చినవాళ్లకు నేరుగా మూడు సందేశాలు. శనివారం సాయంత్రం 7కు లింకుతో సహా, ఆదివారం ఉదయం 10కి, మళ్లీ 10:50కి ఒకే వాక్యం, లింకు. మూడింటిలోనూ లింకు ఉండాలి. పాత సందేశం వెతుక్కోమంటే వెతకరు.

శనివారం ఉదయం 11 కాకుండా సాయంత్రం 7 ఎందుకంటే, సరిగ్గా 24 గంటల ముందు అన్నది గడియారానికి ముఖ్యం, మనిషికి కాదు. ఆదివారం ఏం చేయాలో ఇంట్లో మాట్లాడుకునేది శనివారం సాయంత్రమే.

నిద్ర_రాని_నరేష్
10:50 సందేశం అనవసరం అని నా అభిప్రాయం. పది నిమిషాల్లో ఎవరు ఏం చేయగలరు? చార్మినార్ దగ్గర బిర్యానీ తింటున్నవాడు లేచి వస్తాడా? అరగంట ముందు ఒకటి చాలు. 10కి ఒకటి, 10:50కి ఒకటి అంటే వాకిట్లో నిలబడి గంట కొట్టినట్టు ఉంటుంది.

ప్రసారం_పద్మ
అరగంట ముందు చూసినవాడు "ఇంకా టైముంది" అని స్నానానికి వెళ్లి 11:20కి గుర్తు తెచ్చుకుంటాడు. పది నిమిషాల సందేశం బయట ఉన్నవాడి కోసం కాదు, ఇంట్లో సోఫాలో ఉండి మరిచిపోయినవాడి కోసం. నా కార్యక్రమాల్లో అది వెళ్లిన రెండు మూడు నిమిషాలకే గుంపుగా లోపలికి వస్తారు.

నిద్ర_రాని_నరేష్
మీ జనం వేరు. నేను రాత్రి 9కి ఆటల ప్రసారం చేస్తాను. మా వాళ్లకు అరగంట ముందే కావాలి, కంప్యూటర్ ఖాళీ చేయించుకోవాలి కదా, ఇంట్లో తమ్ముడి దగ్గర నుంచి.

యూట్యూబ్ వాళ్లకు ఇంకో సంగతి. ప్రసారాన్ని ముందే షెడ్యూల్ చేస్తే ఎదురుచూసే పేజీ ఒకటి వస్తుంది, అందులో `Notify me` బటన్ నొక్కినవాళ్లకు యూట్యూబే కబురు చేస్తుంది. నేను తెలివి ఎక్కువై ప్రసారం రోజున "ఇంకా 6 గంటలు", "ఇంకా 3 గంటలు", "ఇంకా 1 గంట" అని అడ్డంగా తీసిన అర నిమిషం వీడియోలు మూడు ఎక్కించాను. ఒక ఛానెల్ నుంచి చందాదారులకు 24 గంటల్లో మూడు నోటిఫికేషన్లకు మించి వెళ్లవని తరువాత తెలిసింది. మూడూ ఆ చిన్న వీడియోలకే ఖర్చయ్యాయి, అసలు ప్రసారానికి చిల్లిగవ్వ మిగల్లేదు. గంట బొమ్మ నొక్కి పెట్టుకున్నవాళ్లు కూడా రాలేదు.

ఉప్పల్_ఉష
పెళ్లికి పిలవడానికే అక్షింతలన్నీ అయిపోయాయన్నమాట.

ప్రసారం_పద్మ
నరేష్ గారి అనుభవం చాలా విలువైనది. అందుకే లెక్కింపు పోస్టులు యూట్యూబ్‌లో పెట్టాల్సి వస్తే వీడియోగా కాకుండా కమ్యూనిటీ పోస్టుగా పెట్టమంటాను. మాలతి గారిది జూమ్ కాబట్టి ఈ బెడద లేదు.

డల్లాస్_బాబాయి
నా గోడు కూడా వినండి. మా అమ్మాయిలాంటి నాట్యగురువు ఒకావిడ హైదరాబాదు నుంచి ప్రతి శనివారం రాత్రి 8:30కి మా పిల్లలకు ప్రత్యక్షంగా పాఠం చెబుతుంది. మాకది శనివారం ఉదయం 10. గుర్తు చేసే పోస్టులు నేను పెడతాను, నా ఖాతా సమయం డల్లాస్‌ది, ఉదయం 9కి "ఇంకా ఒక గంట" అని వెళ్లేలా నెలల తరబడికి సరిపడా షెడ్యూల్ చేసి నిశ్చింతగా ఉన్నాను.

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. హైదరాబాదులో తిప్పరు కదా. ఆ తరువాతి శనివారం రాత్రి 8:30 అంటే మాకు ఉదయం 9 అయింది. నా పోస్టు తొమ్మిదింటికి "ఇంకా ఒక గంట" అని వెళ్లింది, అక్కడ అప్పుడే ఆవిడ గజ్జె కట్టి నమస్కారం చేసేసింది. పిల్లలు పది గంటలకు తయారై కూర్చుంటే ఆవిడ మంగళం పాడుతోంది.

లెక్కల_మాస్టారు
బాబాయి గారూ, ఎవరి గడియారం మారదో వారి సమయంలోనే షెడ్యూల్ చేయాలి. మీ ఖాతాను హైదరాబాదు సమయానికి మార్చి రాత్రి 7:30 అని పెట్టుకుంటే మార్చిలో గడియారం ముందుకు జరిపినా ఇబ్బంది ఉండదు. పోస్టులో మాత్రం రెండు ఊళ్ల సమయాలూ రాయండి, వాటిని నవంబరులో, మార్చిలో చేత్తో దిద్దుకోవాలి.

డల్లాస్_బాబాయి
దిద్దాను. ఆవిడ ఇప్పటికీ నన్ను "గంట బాబాయి గారు" అంటుంది.

మిద్దెతోట_మాలతి
పద్మ గారూ, చాలా బాగా అర్థమైంది. ఇప్పుడు ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? నేను కాగితం మీద రాసుకుంటే మా మనవడు విమానం చేస్తాడు. ఇంకో భయం: ఆ ఆదివారం వాన పడి కరెంటు పోతే?

లెక్కల_మాస్టారు
ఇది నా వాటా, నేను చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు గణితం చెబుతాను. ఒక సాయంత్రం 6 గంటల ప్రత్యక్ష తరగతి ఉండగా, గాలివానకు 4 గంటలకే కరెంటు పోయింది. తరగతి వారం వాయిదా అని పోస్టు పెట్టి, ఫోను పక్కన పడేసి కొవ్వొత్తి వెతుక్కున్నాను. సమయానికి వాటంతట అవే వెళ్లేలా ముందే వరుసలో పెట్టి ఉంచిన పోస్టులు నాకు గుర్తు లేవు. 5 గంటలకు "ఇంకా ఒక గంట" వెళ్లింది, 5:50కి "పది నిమిషాల్లో మొదలు" వెళ్లింది. వాయిదా పోస్టు కిందికి పోయింది, పైన ఉన్నది ఇదే. 43 మంది పిల్లలు వెయిటింగ్ రూములో 40 నిమిషాలు కూర్చున్నారు.

అప్పటి నుంచి గూగుల్ షీట్‌లో పెట్టుకుంటున్నాను. మొదలయ్యే తేదీ, సమయం B1 గడిలో ఒక్కసారే రాస్తాను. మిగతావన్నీ దాని నుంచి వెనక్కి లెక్క. మీ కార్యక్రమానికి ఇలా ఉంటుంది:

```
=INT(B$1)-7+TIME(18,0,0)
=INT(B$1)-3+TIME(20,0,0)
=INT(B$1)-1+TIME(19,0,0)
=B$1-TIME(1,0,0)
=B$1-TIME(0,10,0)
```

మొదటి మూడింటిలో INT తేదీని మాత్రం తీసుకుని గంటను వదిలేస్తుంది, తరువాత మనకు కావలసిన సాయంత్రపు గంట కలుపుతాం. చివరి రెండు మాత్రం అసలు సమయం నుంచే వెనక్కి. 11 కాస్తా 11:30 అయితే B1 మార్చండి, చివరి రెండూ వాటంతట అవే జరుగుతాయి, శనివారం సాయంత్రం 7 మాత్రం కదలదు. మనకు కావలసింది అదే.

మిద్దెతోట_మాలతి
మాస్టారూ, మీరు చెప్పినట్టే రాస్తే మొదటి గడిలో 46180.75 అని వచ్చింది. ఇదేం తేదీ?

లెక్కల_మాస్టారు
తేదీయే, మారువేషంలో ఉంది. షీట్ లోపల రోజులను అలాగే లెక్కపెడుతుంది. 46180 అంటే జూన్ 7, 0.75 అంటే రోజులో ముప్పావు వంతు గడిచింది, సాయంత్రం 6. పైన మెనూలో `Format`, `Number`, `Date time` ఎంచుకోండి, వేషం తీసేస్తుంది.

మిద్దెతోట_మాలతి
తీసేసింది! జూన్ 7 సాయంత్రం 6 అని వచ్చింది. చాలా సంతోషం.

ప్రసారం_పద్మ
మాస్టారి షీట్ బాగుంది, కానీ ఒక్కటి మరిచిపోకండి. B1 మారిస్తే షీట్‌లో సమయం మారుతుంది తప్ప, ఫేస్‌బుక్ వరుసలో ఇప్పటికే పెట్టిన పోస్టు మారదు. అది పాత సమయానికే వెళ్తుంది. అందుకని పక్కన ఇంకో గడి పెట్టుకుని, ఏ పోస్టు ఎక్కడ వరుసలో ఉందో, లేదా చేత్తో పంపాలో రాయండి. వాయిదా పడ్డప్పుడు ఆ గడి చూసుకుంటూ ఒక్కొక్కటీ తీసేయండి. వాయిదా పోస్టు పెట్టడం ఆ తరువాతే.

ఇంకా చెప్పాలంటే చివరి గంటవి వరుసలో పెట్టవద్దు. కరెంటు ఉంది, జూమ్ తెరుచుకుంది, లింకు ఇంకో ఫోనులో నొక్కి చూశాను అనుకున్న తరువాత చేత్తో పంపండి.

నిద్ర_రాని_నరేష్
దీన్ని మాత్రం ఒప్పుకోలేను. చివరి గంటలో చేతులు ఖాళీగా ఉండేది ఎవరికి? మైకు చూడాలి, దీపం చూడాలి, గొంతు సవరించుకోవాలి. చేత్తో పంపుదాం అనుకున్న ప్రతిసారీ నేను మరిచిపోయాను. వరుసలో పెట్టడమే మేలు, ఏదైనా తేడా వస్తే తీసేయవచ్చు.

లెక్కల_మాస్టారు
తేడా వచ్చినప్పుడే కదండీ తీయడానికి కరెంటు ఉండదు.

నిద్ర_రాని_నరేష్
ఫోనుకు ఉంటుంది కదా మాస్టారూ! మీరు కొవ్వొత్తి వెతికారు, ఫోను వెతకలేదు.

ప్రసారం_పద్మ
ఇద్దరు ఉంటే ఈ గొడవే ఉండదు. ఒకరు మాట్లాడేవారు, ఒకరు పంపేవారు. ఒంటరిగా నడిపేవారికి నరేష్ గారి మాట కొంత నిజమే. అప్పుడు 10 గంటలది వరుసలో, 10:50ది చేత్తో అని పంచుకోవచ్చునేమో. నేనైతే ఒంటరిగా ఎప్పుడూ చేయలేదు.

ఉప్పల్_ఉష
మాలతి గారికి ఆడపడుచు ఉన్నారు కదా.

మిద్దెతోట_మాలతి
ఉషా, నీ నోట్లో పంచదార పోయాలో ఉప్పు పోయాలో తెలియడం లేదమ్మా.

పద్మ గారూ, చివరిగా ఒకటి. నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఎలా చేర్చాలి?

ప్రసారం_పద్మ
ఫారం నింపగానే కనిపించే ధన్యవాదాల సందేశం ఉంటుంది, దానిలో ముందుగా రాయండి: "ఈ నంబరు సేవ్ చేసుకుని 'విత్తనం' అని వాట్సాప్ చేయండి, లింకు దీనికే వస్తుంది". అలా పంపినవాళ్లను మాత్రమే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో వేయండి. పంపనివాళ్లకు ఈమెయిలు. అందుకని ఫారంలో ఈమెయిలు గడి తప్పనిసరి చేయండి. జూమ్ వెబినార్‌లోనే నమోదు పెట్టుకుంటే వారం ముందు, ఒక రోజు ముందు, ఒక గంట ముందు జూమే మెయిలు పంపే ఏర్పాటు ఉంది. అది పెట్టుకుంటే మీ మెయిళ్లు ఆపేయండి, లేకపోతే ఒకే గంటకు రెండు వెళ్లి మళ్లీ టమాటా కథే.

గుడి_సేవకుడు
'విత్తనం' అని పంపమనడం బాగుంది. మేం 'గోవింద' అని పెట్టుకుంటాం.

మిద్దెతోట_మాలతి
జూన్ 14 అయిపోయింది. ఇప్పుడే మెట్లు దిగి వచ్చి రాస్తున్నాను.

ఈసారి పేరు ఇచ్చింది 287 మందే, గతంలో కంటే తక్కువ. 'విత్తనం' అని పంపినవాళ్లు 203. లోపలికి వచ్చినవాళ్లు 134. బయట పోస్టులు మూడే పెట్టాను. వాలిపోయిన మొలకల ఫోటో కింద నలభైకి పైగా ప్రశ్నలు వచ్చాయి, అందులో సగం "మాకూ ఇలాగే అయింది" అన్నవే. 10:50 సందేశం చేత్తోనే వెళ్లింది. 10:50కి లోపల 52 మంది ఉన్నారు, 11:02కి 109. సోమవారం వస్తామన్నవాళ్లు ఇంకా ఎవరూ లేరు, రేపు 11 దాటితే ధైర్యంగా చెబుతాను.

నిద్ర_రాని_నరేష్
10:50కి, 11:02కి మధ్య పెరిగిన 57 మంది సందేశం చూసి వచ్చారా, లేక ఎలాగూ ఆ సమయానికి వచ్చేవారా? అది ఎలా చెప్పగలం? సినిమాకు కూడా పేర్లు పడే వేళకే అందరూ వస్తారు.

ప్రసారం_పద్మ
చెప్పలేం. ఇంకోసారి సగం మందికి 10:50, సగం మందికి 10:30 పంపి చూస్తే కొంత తెలుస్తుంది. లింకు చేరడం వల్ల వచ్చిందెంత, ఎడం వల్ల వచ్చిందెంత అన్నది కూడా విడదీయలేం, రెండూ ఒకేసారి మార్చారు కాబట్టి.

లెక్కల_మాస్టారు
పద్మ గారు గణితం వైపు వస్తున్నారు. స్వాగతం.

పాతబస్తీ_కెమెరా
సన్నాయి పెట్టారా?

మిద్దెతోట_మాలతి
10:55 నుంచి పెట్టాను, మీ మాట కాదనలేక. ఒకాయన చాట్‌లో "పెళ్లి ఎవరిది" అని రాశాడు.

ఉప్పల్_ఉష
10:50 సందేశం పంపింది ఎవరో చెప్పలేదు.

మిద్దెతోట_మాలతి
మా ఆడపడుచే. గుంపులోకి మాత్రం ఇంకా తిరిగి రాలేదు.